తొమ్మిది ఇండ్ల పుస్తకం

ఆ పుస్తకం గౌస్ పాషాది. దాన్ని జావీద్ దొంగిలించాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

అట్ట మీద రంగురంగుల ఇండ్లు తొమ్మిది, వరుసగా. ఒక్కో తలుపు మీద ఒక్కో ఇంగ్లిష్ ముక్క: ఆఫ్, ఆన్, ఎట్, ఇన్, టు, ఫర్, విత్, ఫ్రమ్, అబౌట్. కింద ఎర్ర అక్షరాలతో జావీద్ పేరు. ట్యూషన్‌కు వచ్చే పిల్ల ఒకతి సంచిలోంచి తీసి చూపించింది. గౌస్ పాషా విషయసూచిక వరకు చదివాడు. చాలనిపించింది. పుస్తకాన్ని గోడకేసి కొట్టాడు. ఆ పిల్ల ఏడుస్తూ ఏరుకుని వెళ్లింది, మళ్లీ ట్యూషన్‌కు రాలేదు. దానికి కూడా జావీదే కారణమని గౌస్ పాషా లెక్క.

గౌస్ పాషాకు అరవై మూడేళ్లు. తొర్రూరు దగ్గరి పల్లెబడిలో చదువుకున్నాడు. పదో తరగతి దాకా ఇంగ్లిష్ అంటే పంతులు బెత్తంతో కొట్టించుకునే సబ్జెక్టు అని మాత్రమే తెలిసినవాడు, పట్టుబట్టి నేర్చుకుని, జిల్లా పరిషత్ బడుల్లో ముప్పై ఏళ్లు అదే ఇంగ్లిష్ చెప్పి దిగిపోయాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడే కాశిబుగ్గలో ఇల్లు కట్టుకుని ముందు గదిలో ట్యూషన్ పెట్టాడు. భార్య షహనాజ్ బేగం పోయి మూడేళ్లు. కూతురు సుమేరాను పరకాలకు ఇచ్చారు. ఇంట్లో ఇప్పుడు ఆయన గొంతు తప్ప వేరే గొంతు లేదు.

ఆ తొమ్మిది ఇండ్ల సంగతి చెప్పాలి.

ఇంగ్లిష్‌లో కొన్ని మాటలు ఒంటరిగా నడవవు. వెనుక ఒక చిన్న ముక్క ఉండాలి, అది కూడా వేరేది కాదు, దానిదే ఉండాలి. డిపెండ్ అంటే ఆన్. అఫ్రెయిడ్ అంటే ఆఫ్. సఫర్ అంటే ఫ్రమ్. రీజన్ అంటే ఫర్. ఎందుకు అంటే చెప్పేవాడు లేడు. మన పిల్లలు తెలుగులో ఆలోచించి 'తో' అనిపిస్తే విత్ పెడతారు, 'లో' అనిపిస్తే ఇన్ పెడతారు. మ్యారీడ్ విత్ అంటారు, అక్కడ ఉండాల్సింది టు. లెక్కల్లో దిట్ట అనడానికి గుడ్ ఇన్ మ్యాథ్స్ అంటారు, అక్కడ ఎట్. బ్యాంకు పరీక్షల్లో, ఎస్సెస్సీలో ఈ ముక్కల దగ్గరే మార్కులు రాలిపోతాయి. గౌస్ పాషా నల్లబల్ల నిండా రెండు వందల మాటలు అక్షరక్రమంలో రాసి బట్టీ కొట్టించేవాడు. ఏ నుంచి డి దాకా నోటికి వచ్చేది. ఎఫ్ దగ్గరికి వచ్చేసరికి ఏ పోయేది. ఆయన అరిచేవాడు. అరిస్తే ఎఫ్ కూడా పోయేది.

ఒకరోజు పరదా వెనుక నుంచి షహనాజ్ మాట్లాడింది. ఏడో తరగతి చదివిన మనిషి. ఇరవై ఏళ్లుగా ఆ పరదా వెనుక బియ్యం ఏరుతూ ఇంగ్లిష్ పాఠాలు వింటున్న మనిషి.

"అక్షరాల వరసెందుకు? ఏ మాట ఏ ఇంటికి ఇచ్చిండ్లో చెప్పరాదు? మన సుమేరాను పరకాలకే ఎందుకిచ్చిండ్లని ఎవలన్న అడుగుతాండ్లా? ఇచ్చిన ఊరు యాద్ పెట్టుకుంటరు, అంతే."

పిల్లలు నవ్వారు. కానీ ఆ రోజు నుంచి ఇండ్లు మొదలయ్యాయి. అఫ్రెయిడ్, ఫాండ్, ప్రౌడ్, టయర్డ్, నలుగురూ ఆఫ్ ఇంటి కోడండ్లు. డిపెండ్, ఇన్సిస్ట్ ఆన్ ఇంటివాళ్లు. ప్రౌడ్‌కు ఒక చెల్లె ఉంది, ప్రైడ్. అక్కను ఆఫ్ ఇంటికి, చెల్లెను ఇన్ ఇంటికి ఇచ్చారు, ఇద్దరినీ కలిపి అడగాలి. అగ్రీకి మూడు ఇండ్లు: మనిషైతే విత్, ప్రతిపాదనైతే టు, విషయమైతే ఆన్. డిస్కస్, ఎంటర్, రిసెంబుల్ మాత్రం సొంతిల్లు ఉన్నవాళ్లు, వాళ్ల వెనుక ఏ ముక్కా పెట్టొద్దు.

తర్వాత డబ్బాలు వచ్చాయి. ఒక్కో మాట ఒక్కో చీటీ. చీటీ మీద మాట మాత్రమే ఉంటుంది, ఇల్లు ఉండదు, ఇల్లు పిల్లలు తలలోంచి తీయాలి. తప్పు చెప్పిన చీటీ మొదటి డబ్బాలోకి, దాన్ని రోజూ అడగాలి. ఒప్పు చెబితే రెండో డబ్బాలోకి, జుమ్మాకు జుమ్మాకు, అంటే వారానికోసారి అడగాలి. మళ్లీ ఒప్పయితే మూడో డబ్బా, నెలకోసారి. ఎక్కడ తప్పినా మళ్లీ మొదటికే. అన్నింటికీ మించి ఇంకో నియమం: ఇల్లు చెప్పగానే ఒక వాక్యం చెప్పాలి, అది తన ఇంట్లో నిజంగా ఉన్న సంగతి అయి ఉండాలి. అబద్ధం వాక్యం రేపటికి మరిచిపోతాం, మన ఇంటి వాక్యం మరిచిపోలేం.

ఈ పద్ధతి గౌస్ పాషాది. ఆమె ఏదో ఒక మాట అన్నది, మూడు డబ్బాలు తెచ్చి ఇచ్చింది. పద్ధతిగా నిలబెట్టింది ఆయన. మాటలన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించి ఉంచింది ఆమే, ఎందుకంటే ఆయన రాత ఆయనకే అర్థం కాదు. రాసినంత మాత్రాన ఆమెది అవుతుందా? ఈ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడగలేదు. అయినా ఆయన రోజూ జవాబు చెప్పుకునేవాడు.

జావీద్ ఆ ట్యూషన్‌లోనే చదివాడు. బీఎడ్ చేస్తూ రెండేళ్లు ఆయనకు సాయంగా చిన్న పిల్లలకు చెప్పాడు. షహనాజ్ పోయిన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు వచ్చి లోపలి గదిలో ఆమె ట్రంకు పెట్టె దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత పెట్టె తెరిస్తే నోటుబుక్కు లేదు. ఇప్పుడు హన్మకొండలో మూడంతస్తుల మీద వాడి కోచింగ్ సెంటర్, వాడి పేరుతో పుస్తకం. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఆదివారం పొద్దున సుమేరా ఫోన్ చేసింది. తండ్రిని ఆమె అబ్బా అని పిలుస్తుంది.

"అబ్బా, ఇయ్యాల జావీద్ అన్న సెంటర్‌కు పోతానవంట గదా. రావు అంకుల్ చెప్పిండు."

"పోతాన. ఇయ్యాల వాళ్ల క్విజ్ ఉన్నది. తల్లిదండ్రులు వస్తరు. అందరి ముంగట అడుగుత."

"వద్దబ్బా. నీ కాళ్లు మొక్కుత. ఊకో."

"ఎందుకూకోవాలె? నా పేరు ఆ అట్ట మీదికి రావాలె. వాడి నోటితోని చెప్పియ్యాలె. నువ్వు వాని దిక్కు మాట్లాడుతానవా?"

"నేనెవల దిక్కు లేను," అని సుమేరా పెట్టేసింది.

రాజేశ్వర్ రావు స్కూటర్ తెచ్చాడు. ఒకే బడిలో పదేళ్లు పనిచేసిన లెక్కల సారు, గౌస్ పాషాతో ఇంకా మాట్లాడే ఒకే ఒక్క పాత మిత్రుడు.

"పాషా సాబ్, జర నిమ్మళంగ మాట్లాడు. బీపీ గోలీ ఏసుకున్నవా?"

"నా బీపీ సంగతి నీకెందుకు? బండి నడుపు."

"నడుపుతాన గానీ, నువ్వు ఎనుక కూసుండి పండ్లు కొరుకుతాంటె నాకు హారన్ గూడ ఇనవడ్తలేదు."

గౌస్ పాషా నవ్వలేదు. మూడేళ్లుగా ఆయన నవ్వింది ఎవరూ చూడలేదు. అంతకు ముందు మాత్రం నవ్వేవాడు, ఎక్కువగా ఇతరుల మీద.

కోచింగ్ సెంటర్ పైఅంతస్తు హాలులో రెండు వందల మంది దాకా ఉన్నారు. ముందు వరుసల్లో పిల్లలు, వెనుక తల్లిదండ్రులు. గోడల మీద తొమ్మిది చోట్ల తొమ్మిది అట్టలు, ఇంటి బొమ్మలు. మధ్యలో బల్ల, బల్ల మీద స్టీలు గిన్నెలో చీటీలు. గౌస్ పాషా ఆ గిన్నె చూశాడు. చీటీల కొలత కూడా అదే. ఒళ్లు మండిపోయింది.

జావీద్ మైకు పట్టుకుని నియమాలు చెబుతున్నాడు. "చీటీల మాట ఒక్కటే ఉంటది. ఇల్లు చెప్పాలె, సెంటెన్స్ చెప్పాలె. రెండూ కరెక్టయితేనే పాయింటు." అప్పుడే వెనుక కుర్చీల దగ్గర నిలబడ్డ గౌస్ పాషాను చూశాడు. "సార్! ఎప్పుడొచ్చిండ్లు? రాండ్లి సార్, ముంగటికి రాండ్లి."

"నేను కూసునేతందుకు రాలె," అన్నాడు గౌస్ పాషా. గొంతుకు మైకు అక్కర్లేదు, ముప్పై ఏళ్లు బడిపిల్లల మీద అరిచిన గొంతు. "ఈ పుస్తకం నాది. ఈ ఇండ్లు నావి. ఈ చీటీలు నావి. కాశిబుగ్గల నా ఇంట్ల పుట్టినయి. ఈడు నా ఇంట్ల నుంచి ఎత్కచ్చి పేరేసుకున్నడు. అమ్మలారా, అయ్యలారా, మీ పిల్లల్ని ఒక దొంగ దగ్గరికి పంపుతాండ్లు. అది చెప్పేతందుకొచ్చిన."

హాలంతా ఒక్కసారిగా గుసగుసలు. ఎవరో సెల్లు తీసి వీడియో పట్టారు. రాజేశ్వర్ రావు చెయ్యి పట్టుకోబోతే గౌస్ పాషా విదిలించాడు.

జావీద్ కోపం తెచ్చుకోలేదు. అదే గౌస్ పాషాకు మరింత కోపం తెప్పించింది.

"సార్, ఈ పద్ధతి నాది కాదన్నది సచ్చం," అన్నాడు జావీద్ మైకులోనే. "మీ ఇంట్ల పుట్టింది. నేను ఆడనే నేర్సుకున్న. మిగతాది లోపల కూసోని మాట్లాడుదాం సార్, జర నా మాటినుండ్లి. ఈడ వద్దు."

"ఎందుకొద్దు? భయమైతాందా?"

"మీ కోసమే వద్దంటాన సార్."

"నా ఫికర్ నీకొద్దు. నా పద్ధతి గద? నేనే నడుపుత ఇయ్యాల. గిన్నె ఇటియ్యి. ఈ పోరగాండ్లకు ఎంత అచ్చిందో నేను జూస్త."

జావీద్ గిన్నె మీద చెయ్యి పెట్టి ఒక క్షణం ఆగాడు. తర్వాత జరిగి చోటిచ్చాడు.

మొదటి బృందంలో భవాని అనే అమ్మాయి లేచింది. పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే పిల్ల, బ్యాంకు పరీక్షకు తయారవుతోంది. చేతులు కట్టుకుని నిలబడింది. గౌస్ పాషా చీటీ తీశాడు.

"సక్సీడ్."

"ఇన్ ఇల్లు సార్. షి సక్సీడెడ్ ఇన్ లర్నింగ్ ఇంగ్లిష్ బిహైండ్ ఎ కర్టెన్."

"ఏంది?"

"పరదా ఎనుక ఉండి ఇంగ్లిష్ నేర్సుకున్నదని సార్. బుక్ల ఉన్న సెంటెన్సే."

"బుక్ల ఉన్నదా? నీ ఇంటి సెంటెన్స్ ఏది?"

భవాని అయోమయంగా జావీద్ వైపు చూసింది. "సార్, మేం బుక్ల ఉన్నయే బైహార్ట్ చేసినం. అవే మంచిగ యాదుంటాన్నయి."

గౌస్ పాషాకు పట్టు దొరికింది. హాలు వైపు తిరిగాడు. "చూసిండ్లా? వీనికి పద్ధతి గూడ సక్కగ రాదు. ఎవలి ఇంటి వాక్యం వాళ్లు చెప్పాలె. అదే అసలు కీలకం. ఈడేమో పరాయి ఇంటి వాక్యాలు బట్టీ కొట్టిస్తాండు. దొంగసొమ్ము కదా, ఎట్ల వాడాల్నో గూడ తెల్వదు."

ఆ మాట మటుకు నిజమే. జావీద్ తల దించుకున్నాడు. పిల్లలకు సొంత వాక్యం ఆలోచించే తీరిక లేదు, పరీక్ష మూడు వారాల్లో ఉంది. సెంటర్‌లో అందరూ పుస్తకంలో ఉన్న వాక్యాలనే నోటికి పట్టారు.

గెలిచిన ఊపులో గౌస్ పాషా రెండో చీటీ తీశాడు.

"డిపెండ్."

"ఆన్ ఇల్లు. హి డిపెండ్స్ ఆన్ మి ఫర్ హిజ్ గ్లాసెస్, హిజ్ టాబ్లెట్స్ అండ్ హిజ్ చాక్‌పీసెస్."

కళ్లద్దాలకు, గోలీలకు, చాక్‌పీసులకు ఆయన నా మీదే ఆధారపడతాడు. గౌస్ పాషా చెయ్యి గిన్నెలోకి వెళ్లి ఆగింది. ఇంకో చీటీ తీసింది.

"యాంగ్రీ."

"రెండిండ్లు సార్. మనిషైతే విత్, సంగతైతే అబౌట్. హి ఈజ్ యాంగ్రీ విత్ మి అబౌట్ ద సాల్ట్."

హాలంతా గొల్లుమంది. ఉప్పు గురించి నా మీద కోపం. వెనుక బెంచీ నుంచి ఒక పోరడు, "ఉప్పు సాబ్ అచ్చిండురో," అన్నాడు. ఇంకోడు, "ఇయ్యాల కూరల ఎక్కువైందా, తక్కువైందా?" అన్నాడు. అందరూ మళ్లీ నవ్వారు. తల్లిదండ్రులు కూడా నవ్వారు. తిట్టిపోయడానికి వచ్చిన ముసలాయన మూలంగా బిగుసుకున్న హాలు సడలింది.

"ఉప్పు సాబ్ ఎవలు?" అన్నాడు గౌస్ పాషా. ఆయన గొంతు ఈసారి మొదటి వరుస దాటలేదు.

భవాని నవ్వు ఆపుకుంటూ చెప్పింది. "బుక్కంత ఒక్కాయనే ఉంటడు సార్. హి, హి అని. మేం ఆయనకు ఉప్పు సాబ్ అని పేరు పెట్టుకున్నం. ఆయన్ను తలుసుకుంటె ఏ ఇల్లైన యాదికొస్తది."

షహనాజ్ చేతి కూరలో ఉప్పు గురించి గౌస్ పాషా ముప్పై నాలుగేళ్లు కోప్పడ్డాడు. పళ్లెం తోసేసేవాడు. దాని గురించి ఆయన ఎన్నడూ ఆలోచించలేదు. మొగవాళ్లందరూ చేసే పని.

అక్కడే ఆగిపోయి ఉండవచ్చు. చీటీలు కింద పెట్టి వెళ్లిపోయి ఉండవచ్చు. జావీద్ దగ్గరికి వచ్చి, "చాలు సార్," అని మెల్లగా అన్నాడు కూడా. ఆ మాట విన్నందుకే గౌస్ పాషా ఇంకో చీటీ తీశాడు. జావీద్ ఆపమన్నదేదీ ఆయన ఆపడు.

"అఫ్రెయిడ్."

"ఆఫ్ ఇల్లు. ఐ యామ్ అఫ్రెయిడ్ ఆఫ్ హిజ్ వాయిస్."

"అపాలజైజ్."

"చేసిన తప్పుకైతే ఫర్, మనిషికైతే టు. హి నెవర్ అపాలజైజ్డ్ టు మి ఫర్ ఎనీథింగ్."

దేనికీ, ఎన్నడూ నాకు క్షమాపణ చెప్పలేదు. ఈసారి హాలు అంతగా నవ్వలేదు. వెనుక కూర్చున్న తల్లుల్లో ఒకామె పక్కామెతో, "పాపం, ఎవలో గానీ," అన్నది. గౌస్ పాషా విన్నాడు. చేతిలో ఇంకో చీటీ ఉంది. ఎప్పుడు తీశాడో తెలియదు. దాని మీద లాఫ్ అని రాసి ఉంది. ఆయన దాన్ని చదవలేదు. భవాని మెడ సాచి తనే చూసి, పాయింటు పోతుందేమో అన్నట్టు గబగబా చెప్పేసింది.

"ఎట్ ఇల్లు సార్! హి లాఫ్డ్ ఎట్ మై నోట్‌బుక్ బిఫోర్ హిజ్ స్టూడెంట్స్. కరెక్టే గద సార్?"

కరెక్టే. పిల్లల ముందు నా నోటుబుక్కును చూసి నవ్వాడు. ఇల్లు ఒప్పు. వాక్యం ఒప్పు. సంగతి కూడా ఒప్పే.

ఆరేళ్ల కిందట ఒక సాయంత్రం, ముందు గది నిండా పిల్లలున్నప్పుడు, షహనాజ్ పరదా జరిపి మొదటిసారి ఆ గదిలోకి వచ్చింది. చేతిలో నోటుబుక్కు. అప్పటికి దానికి గుడ్డ అట్ట కూడా కుట్టింది. "దీన్ని అచ్చేపిద్దామా? పిల్లలకు అక్కరకొస్తది," అన్నది. గౌస్ పాషా దాన్ని తెరవను కూడా తెరవలేదు. రెండు వేళ్లతో పైకెత్తి తరగతికి చూపించి, "చూడుండ్లిరా, ఏడో క్లాసు మేడం ఇంగ్లిష్ బుక్ రాసిందట. ఇగ లండన్‌ల గూడ మన ఇంటి వంట చదువుకుంటరు," అన్నాడు. పిల్లలు విరగబడి నవ్వారు. ఆయన వాళ్లకన్నా గట్టిగా నవ్వాడు. ఆమె నోటుబుక్కు తీసుకుని లోపలికి పోయింది. ఆ రాత్రి అన్నం పెట్టింది. తెల్లారి టీ ఇచ్చింది. దాని గురించి ఒక్క మాట అనలేదు. ఒక్క మాట అనలేదు కాబట్టి అది అయిపోయిందని ఆయన అనుకున్నాడు.

గిన్నె బల్ల మీద పెట్టి గౌస్ పాషా హాలులోంచి నడిచాడు. భవాని వెనుక నుంచి, "సార్, పాయింటు?" అన్నది.

మెట్ల దగ్గర జావీద్ అందుకున్నాడు. ఆఫీసు గదిలోకి రమ్మంటే గౌస్ పాషా రాలేదు. మెట్ల మీదే నిలబడ్డాడు. జావీద్ అక్కడే చెప్పడం మొదలుపెట్టాడు.

"నేను ఎత్కపోలె సార్. ఆమెనే ఇచ్చింది. ఆ రోజు నేను గూడ ఆ గదిల ఉన్న. నేను గూడ నవ్విన. నాకు నిద్ర పట్టలె. నెల రోజులైనంక మీరు లేనప్పుడు పోయి, ఖాలా, మాఫ్ చెయ్యుండ్లి అన్న. ఆమె ఏం అనలె. కూసోమన్నది, చాయ్ పెట్టింది. పోయేటప్పుడు నోటుబుక్కు చేతిల పెట్టింది. నేను బతికున్నన్ని దినాలు ఆపు, పోయినంక అచ్చెయ్యి అన్నది. అందుకే ఇన్ని దినాలు ఆపిన. నలభయ్యో దినాన పెట్టె కాడ నిలవడ్డది గుడ్డ అట్ట కోసం. అట్ట ఇప్పి విడిగ పెట్టిన, తీస్కో అని ఖాలా ముందే చెప్పింది. సుమేరా తీసి ఇచ్చింది."

సుమేరాకు తెలుసు. మూడేళ్లుగా తెలుసు. పొద్దున ఫోన్‌లో కూడా తెలుసు.

"పేరు?" అన్నాడు గౌస్ పాషా.

జావీద్ కిందికి చూశాడు. "నా పేరొద్దు అన్నది. ఏడో క్లాసు అని మళ్ల ఎవలన్న నవ్వుతరు అన్నది."

"నా పేరు?"

"అడిగిన సార్. మరి సార్ పేరేస్తనని అడిగిన." జావీద్ ఆగాడు.

"చెప్పు."

"ఆయన పేరు అసలే వద్దన్నది."

కింద రోడ్డు మీద బస్సు హారన్లు మోగుతున్నాయి. పై హాలులో మళ్లీ క్విజ్ మొదలైంది, పిల్లలు ఒక్క గొంతుతో ఏదో ఇల్లు అరుస్తున్నారు.

"ఇగ ఎట్లైతె గట్ల సార్," అన్నాడు జావీద్. "మీరు ఇంత దూరమొచ్చిండ్లు. పోయినామె మాట తప్పినట్టయితది గానీ, మీరు సార్ నాకు. వచ్చే అచ్చుల అట్ట మీద మీ పేరు ఏస్త. నా పేరు తీసేస్త. మీరు ఊ అనుండ్లి చాలు."

గౌస్ పాషా దేనికోసం వచ్చాడో అది చేతికి అందింది. ఆ పుస్తకం మీద, ఆ వాక్యాల పైన, పెద్ద అక్షరాలతో గౌస్ పాషా. ఇప్పుడు పోరగాండ్లకు ఉప్పు సాబ్ ఎవరో తెలియదు. రేపు అట్ట చూస్తే తెలుస్తుంది. పరకాల, తొర్రూరు, ఇంకా ఎక్కడెక్కడి పిల్లలో ఆ పేరు తలుచుకుని ఇండ్లు గుర్తు పెట్టుకుంటారు.

"ఎయ్యకు," అన్నాడు.

"మరి ఖాలా పేరన్న..."

"అది నన్నడగకు. దేని మీదా నా పేరెయ్యకు. నువ్వు నాకు ఫోన్ చెయ్యకు. నా గడప తొక్కకు."

"సార్, మాఫ్..."

"ఆమెనడిగినవు గద మాఫీ. చాలు."

మెట్లు దిగాడు. జావీద్ దొంగ కాడని తేలింది. అందుకని గౌస్ పాషా వాణ్ని క్షమించలేదు. దొంగ అయి ఉంటే బాగుండేది. దొంగను తిట్టవచ్చు, కొట్టవచ్చు, నలుగురిలో నిలబెట్టవచ్చు. చనిపోయిన మనిషిని ఏం చేయగలడు? ఎదురుగా నిలబడి ఒక్కసారి అని ఉండవచ్చు కదా, ఉప్పు గురించి కోప్పడకు అని, పిల్లల ముందు నవ్వకు అని. ముప్పై నాలుగేళ్లు నోరు మూసుకుని, ఇంగ్లిష్ నేర్చుకుని, ఎవరూ మరిచిపోలేనట్టుగా వాక్యాలు కట్టి, ఇంకొకడి చేతికిచ్చి పోయింది. ఆమె మీద ఆయనకు ఎన్నడూ రానంత కోపం వచ్చింది. ఆ కోపానికి వినేవాళ్లు లేరు.

రాజేశ్వర్ రావు స్కూటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. హాలులో అంతా విన్నవాడే. ఏ వాక్యం ఎవరి ఇంటిదో అర్థం కానంత తెలివితక్కువవాడు కాదు.

"పాషా సాబ్, జర చాయ్ తాగుదామా?"

"ఇంటికి పోనియ్యి."

"ఏదన్న మాట్లాడు మరి. అట్ల ఉంటె ఎట్ల?"

"నడుపుతవా, ఆటోల పోవాల్నా?"

రావు బండిని కాశిబుగ్గకు తిప్పాడు. ఇంటి ముందు దిగి, తాళం తీస్తుండగా ఫోన్ మోగింది. సుమేరా.

"అబ్బా... జావీద్ అన్న చెప్పిండు. నీకు చెప్పాల్నని ఎన్నోసార్లు అనుకున్న. అమ్మీ నాతోని ఒట్టేపిచ్చుకున్నది. అబ్బా, ఇంటానవా? ఒక్కసారి ఆ పుస్తకం మొత్తం చదువు. అన్ని గట్లనే లెవ్వు. చివర్ల వెయిట్ ఫర్ దగ్గర ఒకటి ఉన్నది, నీ గురించే..."

"సుమేరా."

"ఆ అబ్బా."

"అండ్ల ఏమున్నదో నాకు చెప్పకు. మంచిదైన, చెడ్డదైన. ఆ పుస్తకం ముచ్చట, మీ అమ్మ నోటుబుక్కు ముచ్చట, ఇయ్యాల్టి ముచ్చట, నా ముంగట తియ్యకు. నీ పిల్లలు తియ్యొద్దు, రావు తియ్యొద్దు. నేను తియ్య. సచ్చేదాక తియ్య."

"అబ్బా, గట్లనకు..."

"తియ్య అన్న గద," అన్నాడు గౌస్ పాషా, ఫోన్ పెట్టేశాడు.